చెప్పకుండానే రుజువయ్యే రహస్యం

ఐటీ కంపెనీల్లో కొత్తవాళ్ళు చేరే రోజుల్లో తరచూ జరిగే ముచ్చట ఇది. మాదాపూర్‌లో ఒక ఆఫీసు. కొత్తగా చేరిన అమ్మాయికి సర్వర్‌లోకి అనుమతి ఇవ్వాలి. సర్వర్లు చూసుకునే సీనియర్ "నీ కీ పంపమ్మా, యాడ్ చేసేస్తా" అన్నాడు. ఆమె అంతకు కాసేపటి ముందే, చెప్పినట్టుగా ఒక కమాండ్ కొట్టింది:

```
ssh-keygen -t ed25519
```

దాంతో `.ssh` అనే ఫోల్డర్‌లో రెండు ఫైళ్ళు పుట్టాయి. ఒకటి `id_ed25519`, రెండోది `id_ed25519.pub`. రెండోది తెరిస్తే ఒక్క వరసే ఉంది. మొదటిదాంట్లో ఏడెనిమిది వరసలున్నాయి. అసలు కీ ఇదే అయి ఉంటుందనుకుని దాన్ని చాట్‌లో పంపింది. రెండు నిమిషాల్లో ఫోనొచ్చింది.

"అమ్మా, అది డిలీట్ చేసెయ్. రెండూ తీసేసి మళ్ళీ కొత్తవి చేసుకో."

"మీకే కదన్నా పంపింది?"

"నాక్కూడా పంపకూడదు."

ఆమెకు తల తిరిగింది. సర్వర్‌లో ఆమె పేరిట ఖాతా తెరిచేది ఆయనే, మూసేదీ ఆయనే. అలాంటి మనిషి కూడా చూడకూడని కీ ఏమిటి? ఆయనా చూడక, సర్వరూ చూడకపోతే, వచ్చింది ఆమేనని సర్వర్‌కి తెలిసేదెలా?

పాస్‌వర్డ్‌కు అలవాటుపడ్డ మనసుకు ఈ అనుమానం రావడం సహజం. పాస్‌వర్డ్ వాడుకోవాలంటే చెప్పాలి. అవతలివాడు విని, తన దగ్గరున్న ఆనవాలుతో పోల్చి చూసుకుని తలుపు తీస్తాడు. కాబట్టి వాడిన ప్రతిసారీ ఆ రహస్యం ఇంకొకరి చెవిన పడుతుంది. మొత్తం చిక్కంతా అక్కడే ఉంది.

ఆ చిక్కు 1995లో ఫిన్లాండ్‌లో బయటపడింది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో రహస్యంగా కూర్చుని, వైర్ల మీద పోతున్న పాస్‌వర్డ్‌లను ఏరుకుంటున్నారని తేలింది. అప్పట్లో దూరపు కంప్యూటర్‌లోకి వెళ్ళడానికి టెల్నెట్ వాడేవారు. అందులో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా ప్రయాణించేది. అక్కడే పనిచేస్తున్న తాతు ఇలోనెన్ దీనికి విరుగుడుగా ఒక ప్రోగ్రాం రాసి, అదే ఏడాది జులైలో అందరికీ ఉచితంగా విడుదల చేశాడు. అదే ఎస్‌ఎస్‌హెచ్. నేడు లోకంలో సర్వర్లను నడిపేవాళ్ళలో అత్యధికులు వాటిలోకి వెళ్ళేది ఈ దారినే.

ఎస్‌ఎస్‌హెచ్ మొదట చేసిన పని దారికి పైకప్పు వేయడం. మధ్యలో ఎవరు తొంగిచూసినా గజిబిజి అక్షరాలే కనిపిస్తాయి. కానీ దారి చివర ఏముంది? సర్వర్ ఉంది. పాస్‌వర్డ్ అక్కడికి చేరాక విప్పబడుతుంది, సర్వర్ దాన్ని చదువుతుంది. ఆ సర్వరే దొంగదైతే? అచ్చం అసలుదానిలా నటించే నకిలీదైతే? అప్పుడు ఎంత గట్టి పైకప్పు వేసినా, పాస్‌వర్డ్‌ను దొంగ ఇంటికే భద్రంగా చేర్చినట్టవుతుంది. బ్యాంకు మనిషినంటూ ఫోన్ చేసినవాడికి ఓటీపీ చదివి వినిపించి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మన చుట్టూ ఎందరో ఉన్నారు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. నోటితో చెప్పగలిగే రహస్యాన్ని ఎవరికైనా చెప్పగలం, అంతే.

చెప్పకుండా రుజువు చేయడం అనగానే మనవాళ్ళకు వెంటనే తట్టేది వేలిముద్ర. కాగితం మీద పడేది ముద్రే గాని వేలు మన దగ్గరే ఉంటుంది గదా! పోలిక బాగానే ఉంది, కానీ సగం దూరమే వస్తుంది. 2018లో తెలంగాణలో బయటపడిన ఒక కేసులో, భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను రబ్బరు అచ్చులుగా పోసి, వాటితో ఆధార్ తనిఖీ దాటించి సిమ్ కార్డులు తెరిచారు. అది ఎందుకు సాధ్యమైందంటే, ఏ కాగితం మీద వేసినా వేలిముద్ర ఒకేలా ఉంటుంది. పొలం పత్రం మీద పడ్డ ముద్రకూ, సిమ్ కార్డు కోసం వేసే ముద్రకూ తేడా లేదు. ఒకసారి బయటికొచ్చిన ముద్ర ఎక్కడైనా చెల్లుతుంది.

మరి కాగితాన్ని బట్టి మారిపోయే వేలిముద్ర ఉంటే? ఈ పత్రం మీద ఒకలా, ఆ పత్రం మీద మరోలా పడుతూ, అయినా ఫలానా మనిషిదేనని ఎవరైనా సరిచూసుకోగలిగేలా ఉంటే? అప్పుడు పాత ముద్రను దొంగిలించినా లాభం లేదు. పబ్లిక్ కీ పద్ధతిలో జరిగేది ఇదే. ఎలా జరుగుతుందో చూడటానికి పెద్ద గణితం అక్కర్లేదు, చిన్న అంకెలు చాలు. జర్మన్ గణితవేత్త క్లాస్ ష్నోర్ 1989లో ప్రతిపాదించిన పద్ధతి ఒకటుంది. పై అమ్మాయి చేసుకున్న `ed25519` కీ ఆ కుటుంబానిదే. దాన్నే బొమ్మరిల్లంత చేసి ఆడి చూడవచ్చు.

2తో మొదలుపెట్టి, ప్రతిసారీ 2తో గుణిస్తూ పోదాం. 23 గాని అంతకు మించి గాని వస్తే అందులోంచి 23 తీసేసి, మిగిలిందే ఉంచుకుందాం. 2, 4, 8, 16 దాకా మామూలే. తర్వాత 32 రావాలి, 23 తీసేస్తే 9. దాని రెట్టింపు 18. దాని రెట్టింపు 36, అంటే 13. ఇలా పోతే పదకొండో మెట్టు దగ్గర 1 వచ్చి, అక్కణ్ణుంచి కథ మళ్ళీ మొదలవుతుంది.

```
మెట్టు:  1  2  3   4  5   6   7  8  9  10  11
అంకె:   2  4  8  16  9  18  13  3  6  12   1
```

కింది వరసను ఒకసారి జాగ్రత్తగా చూడండి. అంకెలు పెరుగుతూ పోవడం లేదు, చెల్లాచెదురుగా ఉన్నాయి. ఏడో మెట్టు మీద ఏముందంటే లెక్కగట్టి 13 అని చెప్పేయొచ్చు. కానీ 13 చూపించి ఇదెన్నో మెట్టని అడిగితే, పట్టిక వెతుక్కోవడమే తప్ప వేరే గతి లేదు. ఇక్కడ మెట్లు పదకొండే కాబట్టి కళ్ళకు కనబడిపోతుంది. అసలు కీలో మెట్ల సంఖ్య 76 అంకెలది. ఆ పట్టిక రాయడానికి భూమ్మీద కాగితం చాలదు.

ఇంకొక్క గుణం గుర్తుపెట్టుకుంటే చాలు. మెట్లను కూడితే వాటి మీది అంకెలు గుణించుకుంటాయి. రెండో మెట్టు మీద 4, మూడో మెట్టు మీద 8. రెండూ కలిస్తే ఐదో మెట్టు. 4ను 8తో గుణిస్తే 32, అందులోంచి 23 పోతే 9. ఐదో మెట్టు మీద ఉన్నది 9 కదా. అంటే, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలియకపోయినా, వాళ్ళ అంకెలు తెలిస్తే చాలు, మెట్ల కూడిక సరిగా జరిగిందో లేదో తనిఖీ చేయవచ్చు.

ఇప్పుడు అసలు ఆట. అమ్మాయి ఒక మెట్టును రహస్యంగా ఎంచుకుంటుంది, 7 అనుకుందాం. అదే ప్రైవేట్ కీ. దాని మీది అంకె 13ను అందరికీ చెబుతుంది. అదే పబ్లిక్ కీ. సర్వర్ దగ్గర రాసి ఉండేది 13 మాత్రమే.

లోపలికి రావాల్సినప్పుడు ఆమె ముందు ఇంకో మెట్టును, ఆ ఒక్క పూటకు, లాటరీ తీసినట్టు ఎంచుకుంటుంది. 4 వచ్చిందనుకుందాం. మెట్టు ఎన్నోదో చెప్పదు, దాని మీది అంకె 16ను మాత్రం సర్వర్‌కు పంపుతుంది. అప్పుడు సర్వర్ తనకు తోచిన ఒక సంఖ్యను ప్రశ్నగా విసురుతుంది, 3 అనుకుందాం. ఆమె తన రహస్యాన్ని మూడింతలు చేసి, పూట మెట్టుకు కలుపుతుంది. మూడేళ్లు ఇరవై ఒకటి, నాలుగు కలిపితే ఇరవై ఐదు. పదకొండు మెట్లకోసారి చుట్టు తిరుగుతుంది కనుక రెండు చుట్లు, అంటే 22, తీసేస్తే మిగిలేది 3. జవాబుగా ఆ 3ను పంపుతుంది. (ప్రశ్న, జవాబు రెండూ 3 కావడం కాకతాళీయమే.)

సర్వర్ ఇప్పుడు రెండు లెక్కలు వేస్తుంది. మూడో మెట్టు మీది అంకె ఎంత? 8. ఇక రెండోవైపు, పూట అంకె 16ను, పబ్లిక్ కీ 13తో మూడుసార్లు గుణించి, 23తో భాగిస్తే శేషమెంత? 13ను 13తో గుణిస్తే 169, శేషం 8. దాన్ని మళ్ళీ 13తో గుణిస్తే 104, శేషం 12. పదహారు పన్నెండ్లు 192, శేషం 8. రెండు వైపులా 8 వచ్చింది. తలుపు తెరుచుకుంది.

మొత్తం సంభాషణలో తీగ మీద పోయినవి 16, 3, 3 మాత్రమే. రహస్యమైన 7 ఆమె కంప్యూటర్ దాటి ఒక్క అడుగు కూడా వేయలేదు. జవాబు 3లోంచి 7ను వెనక్కి లాగవచ్చా అంటే, పూట మెట్టు తెలియనివాడికి ఆ 3 ఏమీ చెప్పదు. రహస్యం 5 అయినా, 9 అయినా, దానికి తగ్గ పూట మెట్టు ఒకటి ఉంటే జవాబు 3 రావచ్చు. పూట మెట్టు అనే ముసుగు రహస్యాన్ని పూర్తిగా కప్పేసింది.

అనుమానపు బుద్ధి ఉన్న పాఠకులు ఇక్కడ ఒక మాట అడగాలి. రహస్యం తెలియనివాడు కూడా బోల్తా కొట్టించవచ్చు కదా? ప్రశ్న 3 అని ముందే తెలిస్తే కొట్టించవచ్చు! దొంగ ముందుగా జవాబు 5 అని అనేసుకుంటాడు. ఐదో మెట్టు మీద 9 ఉంది. ఏ పూట అంకె పంపితే లెక్క 9కి వస్తుందో వెనక నుంచి కట్టుకుంటూ వస్తాడు, 18 అని తేలుతుంది. 18ని 12తో గుణిస్తే 216, శేషం 9. సరిపోయింది! అందుకే వరస ముఖ్యం. పూట అంకె ముందు పంపాలి, ప్రశ్న తర్వాతే రావాలి. ప్రశ్న 3 కాక 4 అయితే ఈ దొంగ నోరు మూతపడుతుంది. మా బొమ్మరింట్లో వాడికి పదకొండింట ఒక వంతు అదృష్టం ఉంది. అసలు కీలో ఆ వంతు లెక్కలోకి రానంత చిన్నది.

ఇక బొమ్మరిల్లు దాటి, అమ్మాయి రెండోసారి సరిగ్గా చేసిన పనికి వద్దాం. ఈసారి ఆమె `.pub` ఫైలులోని ఒక్క వరసనే పంపింది. అది ఇలా మొదలవుతుంది:

```
ssh-ed25519 AAAAC3NzaC1lZDI1NTE5AAAA...
```

సీనియర్ దాన్ని సర్వర్‌లో ఆమె ఖాతా కింద `authorized_keys` అనే ఫైలులో అతికించాడు. అంతే, నమోదు అయిపోయింది. ఆ ఫైలు రేపు దొంగల చేతిలో పడినా వాళ్ళకు దొరికేది 13 లాంటి అంకెలే. పాస్‌వర్డ్ ఖజానాను దోచుకుంటే వచ్చే లాభం ఇక్కడ లేదు.

ఆమె `ssh` అని కొట్టి సర్వర్ పేరు ఇవ్వగానే జరిగేదాంట్లో రెండు ఘట్టాలున్నాయి. మొదట రెండు కంప్యూటర్లూ చెరికొంత కలగాపులగపు సంఖ్యలు వేసి, ఇద్దరికీ ఉమ్మడిగా ఒక తాళం తయారు చేసుకుంటాయి. దాంతోపాటు ఈ సంభాషణకు మాత్రమే చెందే ఒక గుర్తింపు సంఖ్య కూడా పుడుతుంది. మరోసారి కలిస్తే మరో సంఖ్య. ఎవరూ దాన్ని ముందే ఊహించలేరు, ఏ ఒక్కరూ తమ ఇష్టప్రకారం దాన్ని మలచలేరు. రెండో ఘట్టంలో ఆమె కంప్యూటర్ "నేను ఫలానా యూజర్ని, నా పబ్లిక్ కీ ఇది, పనికొస్తుందా?" అని అడుగుతుంది. జాబితాలో ఉంటే సర్వర్ సరేనంటుంది. అప్పుడు ఆమె కంప్యూటర్ ఆ గుర్తింపు సంఖ్యా, యూజర్ పేరూ ఉన్న సందేశం మీద సంతకం చేసి పంపుతుంది.

బొమ్మరింట్లో ప్రశ్న వేసింది సర్వర్. ఇక్కడ ప్రశ్నను విడిగా ఎవరూ వేయరు, దానంతటదే పుడుతుంది. పూట అంకెనూ, పబ్లిక్ కీనీ, సందేశాన్నీ కలిపి ఒక గణిత మిక్సీలో వేస్తే వచ్చే సంఖ్యే ప్రశ్న. పూట అంకె మిక్సీలో పడ్డాక గాని ప్రశ్న బయటికి రాదు కాబట్టి, ఇందాకటి దొంగ వెనక నుంచి లెక్క కట్టుకోలేడు. సందేశం కూడా అందులోనే నలిగింది కాబట్టి, సంతకం ఆ ఒక్క సంభాషణకే చెల్లుతుంది. కాగితాన్ని బట్టి మారే వేలిముద్ర అన్నది దీన్నే. మొత్తం సంతకం 64 బైట్లు, ఈ పేరాలో ఒక వరసపాటి కూడా ఉండదు.

నకిలీ సర్వర్ సంగతి ఇప్పుడు చూడండి. అమ్మాయి పొరపాటున దొంగ సర్వర్‌కు కలిసి సంతకం ఇచ్చిందే అనుకుందాం. వాడు దాన్ని పట్టుకుని అసలు సర్వర్ దగ్గరికి పరుగెత్తితే అక్కడ చెల్లదు. ఎందుకంటే వాడితో జరిగిన సంభాషణ గుర్తింపు సంఖ్య వేరు, అసలు సర్వర్‌తో వాడు మొదలుపెట్టిన సంభాషణ సంఖ్య వేరు. పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ఈపాటికి కొంప మునిగేది. అలాగని నకిలీ సర్వర్ ప్రమాదమే కాదనుకోకూడదు. వాడు ఆమెను లోపలికి రానిచ్చినట్టు నటించి, ఆమె టైప్ చేసేదంతా చూస్తూ కూర్చోవచ్చు. అందుకే సర్వర్‌కు కూడా సొంత కీ జత ఉంటుంది, అది కూడా ఇదే పద్ధతిలో తనను తాను రుజువు చేసుకుంటుంది. మొదటిసారి కలిసినప్పుడు తెరమీద సర్వర్ కీ గుర్తును చూపించి నమ్మమంటారా అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే `yes` కొట్టేస్తారు. ఆ గుర్తును సీనియర్‌ను అడిగి పోల్చుకోవడానికి అర నిమిషం పట్టదు.

ఇవన్నీ నిజంగా జరుగుతున్నాయా అని చూడాలనుకునేవాళ్ళు `ssh` పక్కన `-v` చేర్చి కొడితే, తెర వెనక మాటలన్నీ కనబడతాయి. వాటిలో ఈ రెండు వరసలు వెతకండి:

```
debug1: Offering public key: ...
debug1: Server accepts key: ...
```

మొదటిది కనబడి రెండోది కనబడకపోతే, సర్వర్ జాబితాలో మీ వరస లేదని, లేదా ఉన్నా సర్వర్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదని అర్థం. అతికించేటప్పుడు వరస మధ్యలో విరిగి రెండైపోవడం ఒక కారణం. వేరే యూజర్ ఖాతాలో అతికించడం ఇంకొకటి. అక్కడి ఫోల్డర్‌లో వేరేవాళ్ళు కూడా రాయగలిగేలా అనుమతులు వదులుగా ఉంటే, అలాంటి జాబితాను నమ్మనని సర్వర్ మొండికేయడం మరొకటి. ఈ ముగ్గురిలో ఎవరు నిందితుడైనా చివరికి తెరమీద కనిపించేది `Permission denied (publickey)` అన్న ఒకే పొడి మాట. కొత్తవాళ్ళు దాన్ని చూసి కీ పాడైందనుకుని మళ్ళీ మళ్ళీ కొత్త కీలు చేస్తుంటారు. కీ సాధారణంగా బాగానే ఉంటుంది.

గణితం ఇంత గట్టిదైతే, ఇది ఎప్పుడూ ఓడిపోలేదా? ఓడింది. దాన్ని కూడా బొమ్మరింట్లోనే చూడొచ్చు. అమ్మాయి రెండోసారి వచ్చినప్పుడు కూడా పూట మెట్టు 4నే వాడిందనుకుందాం. ఈసారి ప్రశ్న 5. ఐదేళ్లు ముప్పై ఐదు, నాలుగు కలిపితే 39, మూడు చుట్లు తీసేస్తే 6. చాటున కూర్చుని రెండు సంభాషణలూ విన్నవాడికి రెండుసార్లూ 16 అనే అంకే వెళ్ళిందని కనబడింది. ఇక వాడు ఇలా ఆలోచిస్తాడు: పూట మెట్టు మారలేదు. ప్రశ్న 3 నుంచి 5కు, అంటే రెండు పెరిగింది. జవాబు 3 నుంచి 6కు, అంటే మూడు పెరిగింది. అంటే రహస్యానికి రెండింతలు 3 కావాలి, లేదా ఒక చుట్టు కలిపి 14 కావాలి. పద్నాలుగులో సగం 7. రహస్యం దొరికిపోయింది!

ఇందులో ఒక వింత ఉంది. ఒకే పూట అంకెకు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు ఇవ్వగలిగితే, వాళ్ళ దగ్గర రహస్యం ఉన్నట్టే లెక్క. రుజువుకు బలం ఇచ్చేది ఈ సూత్రమే. అదే సూత్రం, అజాగ్రత్తగా నిజంగానే రెండుసార్లు జవాబిస్తే రహస్యాన్ని ఊడ్చి బయటపెడుతుంది.

ఇది బొమ్మరింటి ముచ్చటగానే ఆగిపోలేదు. 2010 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో ఫెయిల్ఓవర్‌ఫ్లో అనే బృందం, సోనీ ప్లేస్టేషన్ 3 గేమ్ యంత్రం గురించి ఒక విషయం బయటపెట్టింది. ఆ యంత్రంలో నడిచే ప్రోగ్రాముల మీద సోనీ చేసే సంతకాల్లో పూట సంఖ్య ప్రతిసారీ ఒకటే వాడుతున్నారు! సంతకం పద్ధతి ష్నోర్‌ది కాదు, దాని దాయాది. లెక్క మాత్రం దాదాపు ఇదే. రెండు సంతకాలు పక్కపక్కన పెట్టి, సోనీ ప్రైవేట్ కీని కాగితం మీద లెక్కలా తేల్చేయవచ్చని వాళ్ళు చూపించారు.

పూట సంఖ్య మళ్ళీ రావడమే అక్కర్లేదు, అది కాస్త ఊహకు అందినా చాలు. విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కోసం చాలామంది వాడే పుట్టీ అనే ప్రోగ్రాంలో 2024 ఏప్రిల్‌లో ఇలాంటి లోపమే బయటపడింది. ఒక రకం కీలతో, అంటే పీ-521 అనేవాటితో, సంతకం చేసేటప్పుడు పూట సంఖ్యలో మొదటి తొమ్మిది బిట్లు ఎప్పుడూ సున్నాలే ఉండేవి. వందల బిట్లలో తొమ్మిదేగా అనిపిస్తుంది. కానీ సుమారు 60 సంతకాలు పోగుచేసుకున్నవాడికి ప్రైవేట్ కీని లెక్కగట్టడానికి ఆ తొమ్మిదీ చాలు. 0.81 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. అప్పటికే ఆ రకం కీ వాడినవాళ్ళు మాత్రం దాన్ని పారేసి కొత్తది చేసుకోవాల్సి వచ్చింది.

`ed25519`ను 2011లో రూపొందించినవాళ్ళు ఈ ప్రమాదాన్ని ముందే తప్పించారు. అందులో లాటరీ లేదు. ప్రైవేట్ కీలోని ఒక భాగాన్నీ, సంతకం చేయాల్సిన సందేశాన్నీ మిక్సీలో వేసి పూట సంఖ్యను పుట్టిస్తారు. సందేశం మారితే పూట సంఖ్య మారుతుంది, బయటివాడికి అది అందదు. కొత్తవాళ్ళకు ఏ కీ చేసుకోమని చెప్పాలన్న ప్రశ్నకు దీనికంటే మంచి కారణం అక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఎక్కువగా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కూడా 2023 నుంచి, ఏమీ చెప్పకపోతే ఈ రకమే చేసిపెడుతోంది.

మెట్ల పట్టికను వెనక్కి చదవడం అసాధ్యమని గణితపరంగా ఎవరూ నిరూపించలేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఎవరికీ అడ్డదారి దొరకలేదు, అంతే. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ తయారైతే ఒక దారి ఉందని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. అలాంటి యంత్రం ఇంకా రాలేదు.

నేటికి అసలు బలహీనత గణితంలో లేదు, ఆ చిన్న ఫైలులో ఉంది. సంతకం రుజువు చేసేది ప్రైవేట్ కీ ఆ కంప్యూటర్‌లో ఉందన్న సంగతినే గాని, కుర్చీలో ఎవరు కూర్చున్నారో కాదు. ల్యాప్‌టాప్ దొంగిలించినవాడు, ఫైలును పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకున్నవాడు, సర్వర్ దృష్టిలో ఆ అమ్మాయే. అందుకే కీ చేసేటప్పుడు `ssh-keygen` ఒక పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. ఎంటర్ కొట్టి దాటేయడం చాలామందికి అలవాటు. ఇది పాస్‌వర్డ్ లాంటిదే అనిపిస్తుంది గాని, రెండింటికీ చాలా తేడా ఉంది. పాస్‌ఫ్రేజ్ ఆ ఫైలుకు వేసే తాళం. అది సొంత కంప్యూటర్‌లోనే ఫైలును విప్పుతుంది, సర్వర్‌కు వెళ్ళదు. తెరమీద ఏది అడుగుతోందో గుర్తుపట్టడం తేలిక. `Enter passphrase for key` అని అడిగితే, అడుగుతున్నది మీ కంప్యూటరే. యూజర్ పేరూ, సర్వర్ పేరూ చూపించి చివర `password:` అని అడిగితే, కీతో పని జరగలేదని, ఇప్పుడు టైప్ చేసేది సర్వర్‌కు పోతుందని అర్థం. ఎప్పుడూ కీతో వెళ్ళే సర్వర్ ఒకరోజు హఠాత్తుగా పాస్‌వర్డ్ అడిగితే వేళ్ళను కీబోర్డు మీద నుంచి తీసి, ఎందుకని ఆలోచించాలి.

ఈ పద్ధతి ఇప్పుడు ఐటీవాళ్ళ గది దాటి మామూలు ఫోన్లలోకీ వచ్చింది. గూగుల్, ఆపిల్ ఖాతాలకు పాస్‌కీ పెట్టుకోమని ఫోన్ అడుగుతుంటుంది కదా, అది కూడా ఇదే కుదురు. వెబ్‌సైట్‌కు పబ్లిక్ కీ వెళ్తుంది, ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉంటుంది, వేలిముద్ర కేవలం ఫోన్‌ను ఒప్పించి సంతకం పెట్టించడానికే. ఆ సంతకంలో వెబ్‌సైట్ పేరు కూడా కలిసి ఉంటుంది కనుక, అచ్చం బ్యాంకులా కనిపించే నకిలీ సైట్‌కు ఇచ్చినా అసలు బ్యాంకు దగ్గర అది చెల్లదు. ఫోన్‌లో మాట్లాడేవాడికి చదివి వినిపించడానికి అక్కడ అంకెలేవీ ఉండవు.

మాదాపూర్ అమ్మాయి సంగతి చెప్పి ముగిద్దాం. పొరపాటున పంపిన కీని ఆమె చాట్‌లోంచి తీసేసినా, ఆ చాట్ కాపీలు ఎన్ని చోట్ల నిలిచి ఉంటాయో ఎవరికి తెలుసు! అందుకే సీనియర్ దాన్ని చచ్చిన కీగా లెక్కగట్టాడు. పాత కీని ఏ సర్వర్‌లోనూ ఇంకా చేర్చలేదు కాబట్టి నష్టం జరగలేదు. చేర్చి ఉంటే, ప్రతి సర్వర్‌లోనూ `authorized_keys` తెరిచి ఆ వరస చెరిపేయాల్సి వచ్చేది. మీరూ ఎవరికైనా కీ పంపాల్సి వస్తే, పంపే ముందు ఫైలు తెరిచి మొదటి వరస చదవండి. `ssh-ed25519` అని మొదలైతే ఎవరికైనా పంపండి, గోడ మీద అంటించినా నష్టం లేదు. `-----BEGIN OPENSSH PRIVATE KEY-----` అని ఉంటే మాత్రం ఫైలు మూసేసి, పక్కనున్న రెండోది తీయండి.